ఎక్సెల్ పనికి ల్యాప్‌టాప్: 2బీ రీకన్సిలియేషన్ ఫైల్ నాలుగు నిమిషాలు తిరుగుతోంది, ప్రాసెసర్ మార్చాలా, ర్యామ్ పెంచాలా, నమ్‌ప్యాడ్ ఉండాలా?

లక్ష్మి_శ్రీకాకుళం
అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా అకౌంట్స్ చూస్తున్నాను, నాకు ల్యాప్‌టాప్ కొనాలి, బడ్జెట్ 55 వేలు, మా సార్ సగం ఇస్తానన్నారు. ఇప్పుడున్నది i5-8250U, 8 జీబీ ర్యామ్, ఎస్సెస్డీ ఉంది, 14 అంగుళాలది, నమ్‌ప్యాడ్ లేదు.

పనేటంటే 22 మంది క్లయింట్ల కొనుగోళ్ళు ఒకే వర్క్‌బుక్‌లో పెట్టుకుని జీఎస్టీ 2బీతో, అంటే సప్లయర్లు పోర్టల్‌లో చూపించిన బిల్లుల లిస్టుతో కలుపుతాను. ఏడాదిది మొత్తం బుక్స్ షీటులో 38 వేల వరసలు, 2బీ షీటులో 41 వేల వరసలు ఉన్నాయి. ప్రతి బిల్లుకీ తేదీ, టాక్సబుల్, ఐజీఎస్టీ, సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ, ఏ నెల 2బీలో వచ్చింది, ఇలా ఆరు కాలమ్‌లు వీలుకప్‌తో లాగుతాను. 2బీ షీటులో ఒక్క బిల్లు నెంబరు సరిచేసి ఎంటర్ కొడితే కింద Calculating అని వచ్చి నాలుగు నిమిషాలు కూర్చోవాలి. పద్నాలుగున 2బీ వస్తాది, ఇరవై లోపు 3బీ రిటర్న్ వేసేయాలి, ఈ ఆరు రోజుల్లో నేను చేసే పనికంటే ఎదురుచూసే టైమే ఎక్కువయిపోతోంది. ఏ ప్రాసెసర్ తీసుకోవాలి, ర్యామ్ ఎంత, నమ్‌ప్యాడ్ ఉన్నదే తీసుకోవాలా, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కిరణ్_పీసీ
మేడం మాది విజయనగరం మూడు లాంతర్ల దగ్గర, సిస్టమ్స్ అసెంబుల్ చేస్తాను. ఒకటే మాట, i7 హెచ్ సిరీస్, 16 జీబీ, గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోండి, ఎక్సెల్ పరిగెడతాది. కోర్లు ఎన్నుంటే అంత స్పీడు. ఇంకోటి, మీరు వీలుకప్‌లో A:I అని మొత్తం కాలమ్ ఇచ్చుంటారు, అలా ఇస్తే ఎక్సెల్ పది లక్షల వరసలు వెతుకుతాది, అందుకే స్లో.

సూర్య_ఆమదాలవలస
అక్కా ఇరవయ్యో తారీకున అందరికీ ఇదే బాధ, పోర్టల్ లోడు ఎక్కువై తిరుగుతూనే ఉంటాది, ల్యాప్‌టాప్ మార్చినా ఏమీ మారదు. నేను పొద్దున్న ఆరింటికే కూర్చుని ఫైల్ చేసేస్తాను, ఆ టైముకి బాగుంటాది.

లక్ష్మి_శ్రీకాకుళం
సూర్యా పోర్టల్ గురించి కాదు తమ్ముడూ, 2బీ డౌన్‌లోడ్ అయిపోయాక నెట్ తీసేసినా ఎక్సెల్ అలాగే తిరుగుతోంది. కిరణ్ గారూ అవును, A:I అనే ఇచ్చాను. గేమింగ్‌ది మరీ బరువు కదండీ, నేను వారానికి రెండుసార్లు క్లయింట్ల దగ్గరికి బస్సులో వెళ్తాను.

రమణమూర్తి_గరివిడి
అమ్మా, కొనేముందు ఒక అరగంట పని చెయ్యి, ఎందుకంటే ఎక్సెల్ నెమ్మదించడానికి మూడు వేరు వేరు కారణాలుంటాయి, మూడిటికీ కొనాల్సిన వస్తువు ఒకటి కాదు. నేను ఇక్కడ ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో కాస్టింగ్, ఎంఐఎస్ ఇరవై ఏళ్ళు చూశాను, రెండుసార్లు కారణం తెలుసుకోకుండా మిషన్లు మార్పించి కంపెనీ డబ్బు పోగొట్టాం.

ఫైల్ తెరిచి పక్కన టాస్క్ మేనేజర్ పెట్టు. Performance ట్యాబ్‌లో CPU గ్రాఫ్ మీద కుడి క్లిక్ చేసి Change graph to లో Logical processors ఎంచుకో, నీ మిషన్‌కి ఎనిమిది చిన్న గళ్ళు వస్తాయి. ఇప్పుడు ఎక్సెల్‌లోకొచ్చి Ctrl+Alt+F9 నొక్కు, మొత్తం ఫైల్ మళ్ళీ లెక్కవేస్తుంది. గళ్ళు చూడు. ఒక్కటే నిండి మిగతావి ఖాళీగా ఉంటే నీ ఫార్ములాలు ఒకదానిమీద ఒకటి గొలుసులా ఆధారపడి ఉన్నాయన్నమాట, లేకపోతే మాక్రో నడుస్తోందన్నమాట, అప్పుడు పదహారు కోర్లున్నా లాభం లేదు, ఒక కోర్ ఎంత వేగమో అదే లెక్క. ఎనిమిదీ నిండితే కోర్లు పెరిగినా లాభం ఉంటుంది. గళ్ళేవీ పెద్దగా నిండకుండా Memory తొంభై శాతం దాటి, Disk నూరు దగ్గర కూర్చుంటే జబ్బు ర్యామ్‌ది.

ఇంకొకటి, అదే CPU పేజీలో Speed అని ఒక అంకె ఉంటుంది. మొదలుపెట్టినప్పుడు ఎంతుంది, ఒక నిమిషం అయ్యాక ఎంతుంది, రెండూ రాసి ఇక్కడ పెట్టు. ఛార్జర్ పెట్టే చూడు, బ్యాటరీ మీద చూస్తే అంకె వేరేగా వస్తుంది.

కిరణ్ గారూ, మొత్తం కాలమ్ సంగతి సగమే నిజం. వీలుకప్‌కి A:I ఇచ్చినా ఎక్సెల్ ఆ షీటులో వాడిన చివరి వరస దగ్గర ఆగిపోతుంది, పది లక్షలకీ వెళ్ళదు. కాకపోతే కింద ఎక్కడో ఎవరో బోర్డర్లో రంగో లాగేసి ఉంటే ఆ చివరి వరస లక్షల్లోకి వెళ్ళిపోతుంది. లక్ష్మీ, 2బీ షీటులో Ctrl+End కొట్టి చూడు, 41 వేల దగ్గర ఆగాలి.

అప్పలనాయుడు_రాజాం
నేను జ్యూట్ మిల్లు అకౌంట్స్‌లో చేరింది 1991లో, అప్పటినుంచీ చేతి కింద టెన్ కీ ఉండాల్సిందే. లక్ష్మి గారూ, మిగతా విషయాలు రమణమూర్తి గారు చెప్తారు, నమ్‌ప్యాడ్ లేని ల్యాప్‌టాప్ మాత్రం కొనొద్దు. పైవరస అంకెలతో రెండు చేతులూ కదలాలి, కళ్ళు కీబోర్డుమీదికెళ్తాయి, బిల్లుమీంచి చూపు తీసినప్పుడల్లా తప్పు పడతాది. నమ్‌ప్యాడ్‌లో 5 మీద చిన్న బొడిపె ఉంటాది, మధ్యవేలు దానిమీద ఉంటే మిగతావన్నీ చూడకుండా పడతాయి. రోజుకి రెండొందల వోచర్లు అలాగే వేశాను.

పలాస_జీడి
మాది కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం, టాలీ నేనే వేసుకుంటాను, మొన్నే నమ్‌ప్యాడ్ ఉన్న 15.6 అంగుళాలది కొన్నాను. కొత్తదాంట్లో F8 నొక్కితే సేల్స్ వోచర్ రావట్లేదు, సౌండ్ పెరగడమో వెలుతురు తగ్గడమో అవుతోంది. టాలీ మళ్ళీ ఎక్కించాను, అయినా అంతే. ల్యాప్‌టాప్ తిరిగిచ్చేయాలా?

గౌరి_బొబ్బిలి
పలాస అన్నయ్యా తిరిగివ్వకండి, అది టాలీ తప్పు కాదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో పైవరస కీలు ముందు సౌండు, వెలుతురు పనులకే పెట్టి ఇస్తారు. చాలావాటిలో Fn పట్టుకుని Esc నొక్కితే లాక్ అయి F కీలు మామూలుగా పనిచేస్తాయి, Esc మీద చిన్న తాళం బొమ్మ ఉందేమో చూడండి. అలా అవ్వకపోతే బయాస్‌లో ఫంక్షన్ కీల సెట్టింగ్ ఒకటి ఉంటాది. ఎక్సెల్‌లో కూడా F2, F4 కి ఇదే గొడవ.

పలాస_జీడి
Fn Esc పనిచేసింది తల్లీ. రెండు వారాలు ఊరికే అవస్థ పడ్డాను. లక్ష్మి గారూ, షాపులోనే ఇది చూసుకోండి.

లక్ష్మి_శ్రీకాకుళం
రమణమూర్తి గారూ చెప్పినట్టే చేశాను, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి రెండుసార్లు చూశాను.

మొదటిసారి క్రోమ్ తెరిచే ఉంది, పోర్టల్, వాట్సాప్ వెబ్, ఓ పదిహేను ట్యాబులు. 4 నిమిషాల 10 సెకన్లు పట్టింది. Memory 7.4 చూపించింది 7.9 లో, Disk మధ్యమధ్యలో నూరుకి కొట్టుకుంది. రెండోసారి క్రోమ్ మూసేశాను, 3 నిమిషాల 20 సెకన్లు. ఎనిమిది గళ్ళూ నిండిపోయాయి. Speed మొదట్లో 3.2 ఉంది, అరనిమిషానికి 2.3 కి పడిపోయి అక్కడే ఉండిపోయింది, ఫ్యాన్ గోల చేస్తోంది. Ctrl+End కొడితే 2బీ షీటులో 41 వేల దగ్గర ఆగలేదండీ, 1,04,000 దగ్గరికెళ్ళింది! కిందంతా ఖాళీయే, ఎప్పుడో పసుపు రంగు వేసినట్టున్నాను.

రమణమూర్తి_గరివిడి
చాలా బాగా చూశావమ్మా, ఇప్పుడు కారణాలు విడివిడిగా కనపడుతున్నాయి. క్రోమ్ మూసినందుకే 50 సెకన్లు తగ్గింది, అది ర్యామ్ వాటా. స్పీడు 3.2 నుంచి 2.3 కి పడటం వేడి వల్ల. ఆ సన్న ల్యాప్‌టాప్‌లో యు సిరీస్ ప్రాసెసర్‌కి పదిహేను వాట్ల లెక్కన కూలింగ్ పెడతారు, కాసేపు పరిగెత్తి తర్వాత నడకలోకి వస్తుంది. ఏడెనిమిదేళ్ళ మిషన్ కాబట్టి దుమ్ము కూడా ఉండొచ్చు, విప్పించి దులిపించి కొత్త పేస్టు పెట్టిస్తే కొంత తిరిగొస్తుంది.

మిగిలిన పెద్ద వాటా షీటుది, అది ఏ మిషన్ కొన్నా నీతోనే వస్తుంది, అందుకే లెక్క చూడు. వీలుకప్ చివర 0 పెట్టి కచ్చితంగా అదే కావాలంటే ఎక్సెల్ పైనుంచి ఒక్కో వరసా చూసుకుంటూ వస్తుంది. బిల్లు దొరికితే సగటున సగం దూరం, అంటే ఇరవై వేల వరసలు. 38 వేల బిల్లులకి దాదాపు 78 కోట్ల పోలికలు. దొరకని బిల్లుకి చివరిదాకా వెళ్ళాల్సిందే, నీ షీటులో చివర అంటే లక్షా నాలుగు వేలు. ఇది ఒక కాలమ్‌కి. నువ్వు అదే బిల్లుని అదే షీటులో ఆరుసార్లు వెతికిస్తున్నావు, అంటే 470 కోట్లకి పైమాట. తేదీ కోసం దొరికిన వరసే ఐజీఎస్టీకి కూడా వరస, మళ్ళీ వెతకడమెందుకు?

ఒక్కసారే వెతికించి వరస నెంబరు ఒక కాలమ్‌లో పెట్టుకో, మిగతా ఆరూ ఆ నెంబరుతో నేరుగా తీసుకోవాలి. M కాలమ్‌లో మొదటిది, మిగతా కాలమ్‌లలో రెండోది:

```
=MATCH($A2,'2B'!$A$2:$A$41001,0)
=IF(ISNUMBER($M2),INDEX('2B'!D$2:D$41001,$M2),"")
```

ఇలా చేస్తే వెతుకులాట ఆరో వంతు అవుతుంది, INDEX కి దాదాపు టైమే పట్టదు. ముందు 2బీ షీటులో 41,001 కింద వరసలన్నీ ఎంచుకుని డిలీట్ చేసి సేవ్ చెయ్యి, అప్పుడు Ctrl+End సరిగ్గా ఆగుతుంది. ఫైల్‌కి ఒక కాపీ తీసి పెట్టుకుని మరీ చెయ్యమ్మా.

కిరణ్_పీసీ
మూర్తి గారూ ఆ చివరి వరస సంగతి నాకు తెలీదు, థాంక్స్. కానీ మేడంకి ఎనిమిది గళ్ళూ నిండాయి కదా, అంటే కోర్లు ఎక్కువుంటే లాభమే అని నేనన్నదే కదా?

రమణమూర్తి_గరివిడి
ఈ ఫైల్ వరకూ మీరన్నది కరెక్టే. వేల వరసల వీలుకప్‌లు ఒకదానికొకటి సంబంధం లేనివి, ఎక్సెల్ 2007 నుంచి అలాంటివాటిని కోర్లకి పంచుతుంది. కానీ ఆమెకి బ్యాంకు స్టేట్‌మెంట్ల రన్నింగ్ బ్యాలెన్సులు ఉంటాయి, ప్రతి వరసా పై వరస మీద ఆధారపడుతుంది, అది పంచలేరు. INDIRECT వాడినవీ ఒకే దారిలో వెళ్తాయి. మాక్రోలైతే అసలు ఒకే కోర్. అందుకని ఒక కోర్ వేగం ముందు, కోర్ల సంఖ్య తర్వాత. గ్రాఫిక్స్ కార్డు ఈ లెక్కల్లో వేలు పెట్టదు, దానికిచ్చే డబ్బూ బరువూ ఈమెకి దండగ.

లక్ష్మి_శ్రీకాకుళం
వచ్చేసింది సార్! అదే ల్యాప్‌టాప్, అదే ఫైలు, క్రోమ్ మూసి 36 సెకన్లు. నేను రెండుసార్లు అనుమానపడి పాత కాపీతో టోటల్స్ పోల్చాను, పైసాతో సహా కలిశాయి. దొరకనివి 1,912 బిల్లులు ముందూ అంతే, ఇప్పుడూ అంతే.

ఒక అడుగు ముందుకెళ్ళి ఆ 1,912 లో చూస్తే సగం బిల్లు నెంబర్ల మధ్య ఖాళీలో, స్లాషులో తేడా. అందుకని రెండు షీట్లలోనూ కీ కాలమ్ ఇలా మార్చాను:

```
=B2&"|"&SUBSTITUTE(SUBSTITUTE(UPPER(TRIM(C2))," ",""),"/","")
```

B లో జీఎస్టీఐఎన్, C లో బిల్లు నెంబరు. దొరకనివి 840 కి తగ్గాయి. మరిప్పుడు కొత్త ల్యాప్‌టాప్ అవసరమే లేదా అనిపిస్తోంది.

గౌరి_బొబ్బిలి
లక్ష్మి గారూ కీలో స్లాష్ తీసేస్తే ఒక జాగ్రత్త, ఒకే సప్లయర్‌కి 1/12 అనీ 11/2 అనీ రెండు బిల్లులుంటే రెండూ 112 అయిపోతాయి, మొదటిదే పట్టుకుంటాది. అమౌంట్ తేడా కాలమ్ ఒకటి పెట్టుకుని సున్నా కానివి చేత్తో చూడండి. నాకు ఒక ట్రాన్స్‌పోర్టర్ బిల్లుల్లో ఇలాగే అయింది.

లక్ష్మి_శ్రీకాకుళం
అయ్యో అది ఆలోచించలేదు. చూశాను, 7 బిల్లులు అలా తప్పుగా పట్టుకున్నాయి. చాలా థాంక్స్ గౌరి గారూ.

రమణమూర్తి_గరివిడి
ల్యాప్‌టాప్ అవసరం ఉందమ్మా, కాకపోతే ఇప్పుడు భయంతో కాకుండా లెక్కతో కొంటావు. 7.9 లో 7.4 నిండటం రోజూ జరుగుతున్నదే, రేపు పవర్ క్వెరీ వాడితే అది ఎక్సెల్ పక్కన వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది, దాని ర్యామ్ దానికి కావాలి. 16 జీబీ పెట్టుకో. 32 కి నువ్వు చెప్పిన ఫైళ్ళతో పని లేదు. కొనేటప్పుడు 8 బోర్డు మీద అతికించి, ఇంకో స్లాటు ఖాళీగా ఉందా, మొత్తం అతికించేశారా అని అడుగు. మొత్తం అతికించిందయితే తర్వాత పెంచడానికి లేదు, కొన్నరోజే 16 ఉండాలి.

ఇంకోటి ఎవరూ అడగరు. ఎక్సెల్‌లో File, Account, About Excel లోకి వెళ్ళు, పై వరసలో 32-bit అని ఉందా 64-bit అని ఉందా?

లక్ష్మి_శ్రీకాకుళం
32-bit అని ఉంది సార్. 2016 ది. విండోస్ మాత్రం 64 ఏ.

రమణమూర్తి_గరివిడి
అనుకున్నాను. 32 బిట్ ఎక్సెల్ మిషన్‌లో ఎంత ర్యామ్ ఉన్నా తనకి మాత్రం నాలుగు జీబీ దాటి తీసుకోలేదు, పాత అప్‌డేట్లయితే రెండే. 16 కొని ఇదే ఎక్సెల్ ఎక్కిస్తే పెద్ద ఫైల్ దగ్గర మళ్ళీ "Excel cannot complete this task with available resources" అని వస్తుంది, అప్పుడు ల్యాప్‌టాప్ మోసం అనుకుంటావు. కొత్తదాంట్లో 64 బిట్ ఎక్కించు. ఒక చిక్కు ఉంది, టాలీ నుంచి ఓడీబీసీతో డేటా లాగుతుంటే 32 బిట్ డ్రైవర్ 64 బిట్ ఎక్సెల్‌కి కనపడదు, దానికి తగ్గ డ్రైవర్ పెట్టాలి. పాత మాక్రోల్లో Declare లైన్లుంటే PtrSafe చేర్చాలి. పాత మిషన్‌లోది తీసేయకు, ఒక నెల రెండూ ఉంచుకుని అన్నీ నడుస్తున్నాయో లేదో చూసుకో.

కిరణ్_పీసీ
ఇది నిజం, కస్టమర్లు ర్యామ్ వేయించుకుని ఎక్సెల్ అలాగే ఉందని మళ్ళీ తెస్తారు, నేను విండోస్ బిట్ చూసి వదిలేసేవాడిని. ఇకనుంచి ఎక్సెల్ కూడా చూస్తాను.

ప్రాసెసర్‌లో మేడం, రైజెన్ 5 తీసుకోండి, 7520U ఉన్నది తక్కువకే వస్తోంది, 7000 సిరీస్ కొత్తదే.

రమణమూర్తి_గరివిడి
కిరణ్ గారూ అక్కడే జనం పడిపోతున్నారు. 7000 అని ముందు అంకె కొత్తదనం చెప్తుంది అంతే, లోపల ఏ డిజైను ఉందో మూడో అంకె చెప్తుంది. 7520U లో మూడో అంకె 2, అంటే జెన్ 2, నాలుగే కోర్లు. 7530U లో 3, జెన్ 3, ఆరు కోర్లు. పేరులో ఒక్క అంకె తేడా, ఒక కోర్ వేగంలో కూడా తేడా కనపడుతుంది. పైగా 7520U వి ర్యామ్ అతికించే వస్తాయి. ఇంటెల్‌లోనూ అంతే, i3-N305 అని ఎనిమిది కోర్లంటారు, అవన్నీ కరెంటు పొదుపు చేసే చిన్న కోర్లే, మాక్రో పెట్టావంటే తెలిసిపోతుంది.

లక్ష్మీ, నీ బడ్జెట్‌లో 7530U గానీ i5-13420H గానీ ఉన్నది చూడు. రెండోది హెచ్ కాబట్టి లెక్క ఎక్కువసేపు నడిచినా స్పీడు నిలబడుతుంది, బ్యాటరీ మాత్రం తక్కువసేపు వస్తుంది, కాస్త బరువు. నీకు పూట పూటా పెద్ద లెక్కలు ఉంటే రెండోది, బస్సు ప్రయాణం ముఖ్యమైతే మొదటిది. రేట్లు వారం వారం మారుతున్నాయి, అందుకని ధర నేను చెప్పను.

అప్పలనాయుడు_రాజాం
నమ్‌ప్యాడ్ సంగతి మళ్ళీ చెప్తాను, ఉందా లేదా అని అడిగితే షాపువాడు ఉందనే అంటాడు. ఎలా ఉందో చూడాలి. కొన్ని 15.6 వాటిలో నమ్‌ప్యాడ్ కీలు మామూలు కీలకంటే సన్నగా కోసేస్తారు. 0 కీ రెండు కీల వెడల్పు ఉండాలి, బొటనవేలు దానిమీద పడాలి, కొన్నింటిలో కుడి బాణం కీ తెచ్చి 0 కిందకి దూర్చేస్తారు, 0 కొట్టబోయి బాణం పడితే ఎక్సెల్‌లో అంకె పక్క గడిలోకి వెళ్తాది. ఎంటర్ నిలువుగా పొడుగ్గా ఉండాలి. షాపులో ఖాళీ నోట్‌ప్యాడ్ తెరిచి, మీ పాత బిల్లులు పది పట్టుకెళ్ళి, కీబోర్డు చూడకుండా పది అమౌంట్లు కొట్టండి. పదిలో రెండు తప్పితే ఆ కీబోర్డు మీ చేతికి సరిపడదు.

గౌరి_బొబ్బిలి
నాయుడు గారూ, గౌరవంతోనే చెప్తున్నాను, నేను ఒప్పుకోను. నాది 14 అంగుళాలది, విడిగా యూఎస్‌బీ నమ్‌ప్యాడ్ కొన్నాను. నమ్‌ప్యాడ్ కలిసొచ్చిన కీబోర్డులో స్పేస్ బార్ ఎడమకి జరిగిపోతాది, టైపు చేస్తున్నంతసేపూ మెడ ఎడమకి తిరిగి ఉంటాది, స్క్రీను మధ్యలో ఉండదు. మౌసు కూడా దూరమైపోయి నాకు భుజం నొప్పి మొదలైంది. విడిదైతే ఎడమవైపు పెట్టుకుంటాను, కుడిచేతిలో మౌసు, ఎడమచేత్తో అంకెలు. అలవాటు కావడానికి ఐదు వారాలు పట్టింది, ఇప్పుడు కుడిచేతికంటే ఇదే వేగం.

అప్పలనాయుడు_రాజాం
గౌరి గారూ మీ మాట కాదనను, కానీ ఎడమచేత్తో అంకెలు ఈ వయసులో నా వల్ల అవ్వదు. విడిది బ్యాగులో మర్చిపోతే ఆరోజు పని ఆగిపోతాది కదా.

లక్ష్మి_శ్రీకాకుళం
విడిగా కొంటే వైర్‌లెస్ మంచిదా గౌరి గారూ? టేబుల్ మీద వైర్లు ఎక్కువైపోతున్నాయి.

గౌరి_బొబ్బిలి
వద్దండీ, ఇది నా చేతులు కాలిన విషయం. మొదట బ్లూటూత్‌ది కొన్నాను. బిల్లు వెతుక్కుంటూ కాసేపు ముట్టుకోకపోతే నిద్రలోకి వెళ్తాది, మళ్ళీ కొట్టినప్పుడు మొదటి నొక్కు లేవడానికే పోతాది, అంకె పడదు. 45,000 కొడితే 5,000 పడింది, 1,18,000 బదులు 18,000 పడింది. స్క్రీన్ చూస్తే తెలిసేది, మనం బిల్లు చూస్తాం కదా. ఆ నెల ట్రయల్ బ్యాలెన్స్‌లో లక్ష తేడా వెతకడానికి రెండు రాత్రులు పట్టింది. అప్పటినుంచీ వైరుదే, ఐదారొందలకి వచ్చింది. కొన్నాక ఒకటి చూసుకోండి, దాని Num Lock ఆన్ చేసినప్పుడు ల్యాప్‌టాప్ సొంత కీబోర్డు తీరు మారకూడదు.

సూర్య_ఆమదాలవలస
అక్కా నాకో డౌటు, నమ్‌ప్యాడ్ ఉన్నా అంకెలు పడకుండా కర్సర్ పైకీ కిందకీ పోతాది నాకు, అది పాడైనట్టా?

గౌరి_బొబ్బిలి
పాడవ్వలేదు సూర్యా, Num Lock ఆఫ్ అయ్యుంటాది. దానికి లైటు లేని ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి, అందుకే తెలీదు. ఎంట్రీ మొదలుపెట్టే ముందు ఖాళీ గడిలో 5 కొట్టి చూసుకునే అలవాటు చేసుకో.

లక్ష్మి_శ్రీకాకుళం
నిన్న విశాఖ వెళ్ళొచ్చాను, రెండు షాపులు చూశాను. పెన్‌డ్రైవ్‌లో నా ఫైలు, పది బిల్లులూ పట్టుకెళ్ళాను. ఫైలు పరీక్ష కుదరలేదు, షాపు ల్యాప్‌టాప్‌లలో ఎక్సెల్ యాక్టివేట్ అయిలేదు, తెరుచుకుంది గానీ ఏదీ మార్చనివ్వలేదు. నాయుడు గారు చెప్పిన పది బిల్లుల పరీక్ష మాత్రం చేశాను. మొదటి షాపులో i5-13420H, 16 జీబీ ఉన్నది బడ్జెట్‌లోనే ఉంది, కానీ నమ్‌ప్యాడ్ సన్నది, పదిలో మూడు తప్పాయి, 0 దగ్గరే. రెండో షాపులో 7530U ది, 8 అతికించి ఒక స్లాటు ఖాళీ, నమ్‌ప్యాడ్ వెడల్పుగా ఉంది, పదిలో ఒక్కటీ తప్పలేదు. ఇంకో 8 వేయించాలి, దానితో కలిపి బడ్జెట్ మీద రెండు వేలు ఎక్కువవుతోంది.

రమణమూర్తి_గరివిడి
ఫైలు పరీక్షకి ఒక దారి ఉంది, తెలిసినవాళ్ళ ఆఫీసులో అదే ప్రాసెసర్ మోడల్ ఎక్కడైనా ఉంటే అక్కడ Ctrl+Alt+F9 కొట్టి టైము చూడు. ల్యాప్‌టాప్ కంపెనీ వేరైనా ప్రాసెసర్ అదే అయితే ఇంచుమించు అంచనా వస్తుంది, కూలింగ్ వల్ల కొంత తేడా ఉంటుంది. మా అల్లుడి దగ్గర 7530U ఉంది, నీ ఫైల్లో పార్టీల పేర్లు, జీఎస్టీఐఎన్‌లు మార్చేసి పంపితే నేను నడిపి చెప్తాను. క్లయింటు డేటా అలాగే పంపొద్దు.

కిరణ్_పీసీ
నేనైతే మొదటిదే తీసుకుని యూఎస్‌బీ నమ్‌ప్యాడ్ పెట్టుకోమంటాను, ఐదారొందలతో అయిపోతాది, హెచ్ ప్రాసెసర్ తర్వాత మార్చలేం కదా.

అప్పలనాయుడు_రాజాం
నేను రెండోదే అంటాను. 36 సెకన్లకి దించుకున్నారు కదా, ఇంకా వేగం దేనికి? రోజంతా ఉండేది చేతి కింద కీబోర్డే.

లక్ష్మి_శ్రీకాకుళం
మూర్తి గారూ, పేర్లన్నీ మార్చి ఫైల్ మీకు పంపాను. జీఎస్టీఐఎన్‌లు మార్చినా అక్షరాల సంఖ్య పదిహేనే ఉంచాను, లేకపోతే టైము తేడా వస్తుందేమో అని.

రమణమూర్తి_గరివిడి
వచ్చిందమ్మా. ఛార్జర్ పెట్టి మూడుసార్లు నడిపాను, 64 బిట్ ఎక్సెల్. 15, 14, 15 సెకన్లు. బ్యాటరీ మీద 21. Speed నిమిషం తర్వాత కూడా పెద్దగా పడలేదు, కానీ ఇక్కడ ఏసీ గది, మీ ఆఫీసులో మే నెల మధ్యాహ్నం ఫ్యాను కింద ఎలా ఉంటుందో నేను చెప్పలేను. నీ పాత వీలుకప్ కాపీ కూడా పెట్టావు కదా, అది ఇందులో దాదాపు ఒక నిమిషంలో అయింది. ఇది 365 ఎక్సెల్, అందులో ఒకే టేబుల్‌లో పదే పదే వెతికేటప్పుడు ఒకసారి వెతికింది గుర్తుపెట్టుకుంటుంది, నీ 2016 కి ఆ సౌకర్యం లేదు, కాబట్టి తేడా అంతా ప్రాసెసర్‌దే అనుకోకు.

లక్ష్మి_శ్రీకాకుళం
అంటే 36 కాస్తా 15. నాకు అది చాలండీ. రెండో షాపుకి ఫోన్ చేశాను, ర్యామ్ వాళ్ళే వేసిస్తే వారంటీ పోదన్నారు, అది బిల్లు మీద రాసిమ్మన్నాను. శనివారం వెళ్తాను. గౌరి గారూ, ఎడమచేత్తో మొదటి వారం మీరు ఎలా ప్రాక్టీస్ చేశారో కొంచెం రాస్తారా, ఐదొందలే కదా, వైరు నమ్‌ప్యాడ్ ఒకటి కూడా తెచ్చుకుని చూద్దామనుకుంటున్నాను.

గౌరి_బొబ్బిలి
తప్పకుండా. మొదటి వారం అసలు ఎంట్రీలు వేయలేదండీ, తప్పులు పడతాయి. పాత నెల క్యాష్ బుక్ ప్రింటు పెట్టుకుని ఖాళీ షీటులో రోజుకి ఇరవై నిమిషాలు ఒక పేజీ కొట్టి, కింద SUM పేజీ టోటల్‌తో కలుస్తుందో లేదో చూసేదాన్ని. ఎడమచేతికి బొటనవేలు 0 మీద పడదు, ఎంటర్ వైపు పడతాది, అందుకని 0 చిటికెన వేలితో కొట్టాలి, అక్కడే ఎక్కువ రోజులు పట్టింది. మూడు రోజులు వరసగా టోటల్ కలిశాకే అసలు వోచర్లు మొదలుపెట్టాను.